1 మెగాఓమ్ రెసిస్టర్ నాయిస్: కొలత లెక్కలో సగం కూడా లేదు, తప్పు ఎక్కడుంది?

పీణ్య_బెంచి

బెంగళూరు పీణ్యలో ఒక చిన్న సంస్థలో పని చేస్తున్నాను. నాడీకణాల సంకేతాలను పట్టే గాజు సూక్ష్మనాళిక ఎలక్ట్రోడ్ కోసం ఒక యాంప్లిఫైయర్ తయారు చేశాం. ఉప్పు ద్రావణం నింపిన ఆ నాళిక నిరోధం దాదాపు 1 మెగాఓమ్ ఉంటుంది. పరీక్ష కోసం నాళిక స్థానంలో 1 మెగాఓమ్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్‌ను చిన్న లోహపు డబ్బాలో బిగించి, ఒక మీటరు కోయాక్సియల్ కేబుల్‌తో యాంప్లిఫైయర్‌కు కలిపాను. యాంప్లిఫైయర్ లాభం 100. దాని వెనుక 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకే పోల్ ఉన్న ఆర్‌సీ ఫిల్టర్ ఉంది. ముందున్నది జెఫెట్ ఇన్‌పుట్ ఆప్యాంప్. దాని వోల్టేజ్ నాయిస్ ప్రతి రూట్ హెర్ట్జ్‌కు 8 నానోవోల్టులు.

నా లెక్క ఇది:

```
vn = sqrt(4*k*T*R*B)
   = sqrt(4 * 1.38e-23 * 300 * 1e6 * 1e4)
   = 12.9e-6 V
```

అంటే అవుట్‌పుట్‌లో 1.29 మిల్లీవోల్టుల ఆర్‌ఎంఎస్ రావాలి. ఆసిలోస్కోప్ చూపుతున్నది 0.57 మాత్రమే. ఇన్‌పుట్‌ను షార్ట్ చేస్తే 0.13 వస్తోంది, కాబట్టి యాంప్లిఫైయర్ పని చేస్తూనే ఉంది. కొనుగోలుదారు షరతు ప్రకారం అవుట్‌పుట్ నాయిస్ శిఖరం నుంచి శిఖరానికి 5 మిల్లీవోల్టులు దాటకూడదు. ఆర్‌ఎంఎస్‌ను 6.6తో హెచ్చిస్తే నా లెక్క 8.5 అంటోంది, కొలత 3.8 అంటోంది. లెక్క ప్రకారం పరికరం తప్పింది, కొలత ప్రకారం నెగ్గింది. తనిఖీకి వచ్చినాయన ఈ రెండింటిలో ఏది తప్పో తేల్చే వరకు సంతకం చేయనన్నారు. ఆయన మాట న్యాయమే. ప్రకృతి ఇచ్చే కనీస నాయిస్ కంటే తక్కువ నాయిస్ ఎలా వస్తుంది?

అంబత్తూరు_కంపనం

మాకూ ఇదే బాధ. చెన్నైలో మా షెడ్డులో పక్కనే లేత్ యంత్రాలు నడుస్తాయి కాబట్టి అవుట్‌పుట్ అంతా 50 హెర్ట్జ్‌తో నిండిపోతుంది. ముందు గ్రౌండింగ్ సరి చూసుకోండి, ఆ తర్వాత రెసిస్టర్ విలువ తగ్గించండి. నాయిస్ దానంతట అదే తగ్గుతుంది.

పీణ్య_బెంచి

అంబత్తూరు గారూ, నా ఇబ్బంది నాయిస్ ఎక్కువ కావడం కాదు. ఉండవలసిన దానికంటే తక్కువగా ఉండడం. రెసిస్టర్ విలువను తగ్గించే వీలు కూడా లేదు, ఎందుకంటే అది ఎలక్ట్రోడ్ నిరోధానికి బదులుగా పెట్టినది.

పై_బై_టూ

మీ లెక్కలో ఒక లోపం స్పష్టంగా కనిపిస్తోంది. ఒకే పోల్ ఫిల్టర్ 10 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోదు, ఆ పైన కూడా మెల్లగా దిగుతూ కొంత నాయిస్‌ను వదులుతుంది. అందువల్ల సూత్రంలో B స్థానంలో 3 డెసిబెల్ పౌనఃపున్యాన్ని నేరుగా పెట్టకూడదు. దాన్ని π/2తో, అంటే 1.57తో హెచ్చించాలి. మీ నాయిస్ బ్యాండ్‌విడ్త్ 10 కాదు, 15.7 కిలోహెర్ట్జ్.

పీణ్య_బెంచి

ఆ సవరణ సరైనదే, నేను దాన్ని వదిలేశాను. కానీ దానితో లెక్క 12.9 నుంచి 16.1 మైక్రోవోల్టులకు పెరుగుతోంది. కొలతకూ లెక్కకూ మధ్య దూరం తగ్గకపోగా ఇంకా పెరిగింది.

పై_బై_టూ

అవును. అటు వైపు నేను ఆలోచించలేదు. అయినా ఆ సవరణ లేకుండా మీ నివేదిక నిలవదు.

రిచీ_వీధి

మీటర్ సంగతి చూశారా? మామూలు మల్టీమీటర్ ఏసీ వోల్టేజ్‌ను సగటుగా కొలిచి, సైన్ తరంగానికి సరిపడే గుణకంతో ఆర్‌ఎంఎస్‌గా చూపుతుంది. నాయిస్ సైన్ తరంగం కాదు కాబట్టి అలాంటి మీటర్ దాదాపు 11 శాతం తక్కువ చూపుతుంది. పైగా చేతిలో పట్టుకునే మీటర్లలో చాలావాటి ఏసీ కొలత కొద్ది కిలోహెర్ట్జ్ దాటితే నమ్మదగినది కాదు.

పీణ్య_బెంచి

కొలిచినది ఆసిలోస్కోప్‌తో. అది నమూనాల వర్గాల సగటు నుంచే ఆర్‌ఎంఎస్ ఇస్తుంది. 11 శాతం తేడా అయితే నేను ఇక్కడికి వచ్చేవాడిని కాదు. ఇక్కడ సగానికి పైగా మాయమైంది.

మైలాపూరు_మాస్టారు

ఇంతవరకు ఎవరూ ఆ ఒక మీటరు కేబుల్ గురించి అడగలేదు. మామూలు 50 ఓమ్ కోయాక్సియల్ కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. కనెక్టర్లు, ఆప్యాంప్ ఇన్‌పుట్ కలిపి మరో 20 వేసుకోండి. ఆ 120 పికోఫారడ్లు మీ రెసిస్టర్‌కు సమాంతరంగా కూర్చున్నాయి. 1 మెగాఓమ్, 120 పికోఫారడ్లు కలిస్తే పోల్ ఎక్కడ పడుతుందో లెక్కించండి: 1326 హెర్ట్జ్. యాంప్లిఫైయర్ వెనుక మీరు పెట్టిన 10 కిలోహెర్ట్జ్ ఫిల్టర్ కంటే ఎంతో ముందే, మీకు తెలియకుండానే, ఇన్‌పుట్‌లో మరో ఫిల్టర్ వచ్చి చేరింది.

రెసిస్టర్ తన నాయిస్‌ను పూర్తిగానే పుట్టిస్తోంది. ప్రతి రూట్ హెర్ట్జ్‌కు 129 నానోవోల్టులు, అందులో లోటు ఏమీ లేదు. కానీ ఆ వోల్టేజ్ యాంప్లిఫైయర్ కాళ్ల దగ్గరికి చేరాలంటే 1 మెగాఓమ్ గుండానే రావాలి. దారిలో కేబుల్ కెపాసిటెన్స్ ఎగువ పౌనఃపున్యాలను గ్రౌండ్‌కు మళ్లిస్తోంది. కాబట్టి ప్రకృతి నియమం ఏదీ తప్పలేదు. సూత్రంలో మీరు వేసిన B ఒక్కటే తప్పు.

రెండు పోల్‌లు వరుసగా ఉన్నప్పుడు నాయిస్ బ్యాండ్‌విడ్త్‌ను (π/2)·f1·f2/(f1+f2) అని తీసుకోవాలి. మీ విషయంలో అది 1839 హెర్ట్జ్ అవుతుంది. 129 నానోవోల్టులను దాని వర్గమూలంతో హెచ్చిస్తే 5.52 మైక్రోవోల్టులు, అవుట్‌పుట్‌లో 0.552 మిల్లీవోల్టులు. ఇన్‌పుట్ షార్ట్ చేసినప్పుడు వచ్చిన 0.13ను వర్గం చేసి ఇందులో కలపండి, నేరుగా కూడకండి. 0.567 వస్తుంది. మీరు కొలిచింది 0.57.

గిండీ_విద్యార్థి

నేను దీన్ని కంప్యూటర్‌లో వేసి చూశాను. సంఖ్యలు అచ్చంగా సరిపోయాయి:

```python
from math import pi, sqrt
k, T = 1.380649e-23, 300
R, C, f2 = 1e6, 120e-12, 10e3
f1 = 1/(2*pi*R*C)
B = (pi/2)*f1*f2/(f1+f2)
print(f1, B, sqrt(4*k*T*R*B))
```

అయితే ఒక విషయం నన్ను తికమకపెడుతోంది. f2ను చాలా పెద్దది చేసి, అంటే వెనుక ఫిల్టర్ లేనట్టు భావించి, R విలువను 100 కిలోఓమ్‌ల నుంచి 10 మెగాఓమ్‌ల దాకా మార్చాను. జవాబు ప్రతిసారీ 5.88 మైక్రోవోల్టులే వచ్చింది. రెసిస్టర్ నాయిస్‌ను లెక్కిస్తుంటే జవాబులో రెసిస్టరే లేకుండా పోవడం ఎలా సాధ్యం?

మైలాపూరు_మాస్టారు

నువ్వు సరైన చోట ఆగి ప్రశ్న అడిగావు నాయనా. R పది రెట్లు పెరిగితే ప్రతి హెర్ట్జ్‌లో ఉండే నాయిస్ వర్గం కూడా పది రెట్లు పెరుగుతుంది. అదే సమయంలో పోల్ పది రెట్లు కిందికి దిగుతుంది కాబట్టి ఆ నాయిస్‌ను లోపలికి రానిచ్చే ద్వారం పది రెట్లు ఇరుకవుతుంది. ఎత్తు పెరిగినంత మేర వెడల్పు తగ్గిపోయింది, వైశాల్యం మారలేదు. 4kTRను 1/(4RC)తో హెచ్చించి చూడు, మిగిలేది kT/C. దాని వర్గమూలమే నీకు వచ్చిన 5.88. కెపాసిటర్ మీద మొత్తం ఎంత నాయిస్ నిలుస్తుందన్నది ఉష్ణోగ్రత, కెపాసిటెన్స్ రెండే నిర్ణయిస్తాయి. ఆ నాయిస్ ఏ పౌనఃపున్యాల మధ్య పరచుకుంటుందన్నదే R చేతిలో ఉంటుంది. ఈ రెండో వాక్యాన్ని మరిచిపోకు, తర్వాత అవసరపడుతుంది.

రిచీ_వీధి

అయితే ఇక్కడితో సమస్య తీరినట్టే కదా? కేబుల్ వల్ల నాయిస్ తగ్గింది, పరికరం 5 మిల్లీవోల్టుల షరతుకు లోబడింది. కేబుల్‌ను అలాగే ఉంచి, మాస్టారి లెక్కను నివేదికలో చేర్చితే సంతకం అయిపోతుంది.

వైట్‌ఫీల్డ్_వాణి

అలా చేయకూడదు రిచీ వీధి గారూ, ఇది చాలా ముఖ్యమైన విషయం. నాయిస్‌ను గ్రౌండ్‌కు మళ్లించిన ఆ 120 పికోఫారడ్లే నాడీకణపు సంకేతాన్ని కూడా మళ్లిస్తాయి. ఎలక్ట్రోడ్ నుంచి వచ్చే సంకేతం కూడా అదే 1 మెగాఓమ్ గుండా రావాలి కదా. నాడీకణపు స్పైక్ ఒక మిల్లీసెకను అటూ ఇటూ ఉంటుంది, దాని అంచుల్లో కొన్ని కిలోహెర్ట్జ్‌ల భాగాలుంటాయి. 1326 హెర్ట్జ్ పోల్ వెనుక 3 కిలోహెర్ట్జ్ భాగంలో 40 శాతమే మిగులుతుంది. స్పైక్ పొట్టిదై, వెడల్పై, పక్క కణం స్పైక్‌తో పోల్చి గుర్తించలేని స్థితికి వస్తుంది. ఆ ప్రయోగశాలలో కూర్చున్నవారు దీనికి కారణం ఎలక్ట్రోడ్ అనుకుంటారు.

ఇంకో మాట. కోతపడిన పౌనఃపున్యాల్లో సంకేతమూ రెసిస్టర్ నాయిసూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి, కానీ ఆప్యాంప్ సొంత నాయిస్ తగ్గదు. కాబట్టి పైకి వెళ్లేకొద్దీ సంకేతానికీ నాయిస్‌కూ ఉన్న నిష్పత్తి నిజానికి దిగజారుతుంది. స్కోప్ మీద చిన్న అంకె కనిపించినంత మాత్రాన పరికరం మెరుగైనట్టు కాదు.

పీణ్య_బెంచి

వాణి గారి మాట చదివాక నిద్ర పట్టలేదు, ఎందుకంటే ప్రయోగశాలలో కూడా ఇదే పొడవు కేబుల్ వాడతారు. ఈ ఉదయం కేబుల్ పూర్తిగా తీసేసి రెసిస్టర్‌ను నేరుగా యాంప్లిఫైయర్ ఇన్‌పుట్ దగ్గర సోల్డర్ చేశాను. ఇప్పుడు మిగిలిన కెపాసిటెన్స్‌ను 12 పికోఫారడ్లుగా అంచనా వేశాను. పోల్ 13.3 కిలోహెర్ట్జ్, నాయిస్ బ్యాండ్‌విడ్త్ 8955 హెర్ట్జ్, రెసిస్టర్ వాటా 12.2 మైక్రోవోల్టులు, షార్ట్ నాయిస్ కలిపితే అవుట్‌పుట్‌లో సుమారు 1.22 మిల్లీవోల్టులు. కొలతలో 1.31 వచ్చింది.

కేబుల్ తీసేస్తే నాయిస్ రెట్టింపు దాటి పెరగడం నా కళ్లతో చూశాను. కానీ 1.22కూ 1.31కూ ఉన్న తేడాకు కారణం తెలియదు.

రిచీ_వీధి

వాణి గారి వాదన ఒప్పుకుంటున్నాను, నేను తొందరపడ్డాను. అయితే ఆప్యాంప్ మార్చి చూడవచ్చు కదా? 1 నానోవోల్ట్ నాయిస్ మాత్రమే ఉన్న బైపోలార్ ఆప్యాంప్‌లు దొరుకుతున్నాయి.

వైట్‌ఫీల్డ్_వాణి

ఆ ఆప్యాంప్‌ల డేటాషీట్‌లో కరెంట్ నాయిస్ వరుస కూడా చదవండి. అది సాధారణంగా ప్రతి రూట్ హెర్ట్జ్‌కు 1 పికోఆంపియర్ స్థాయిలో ఉంటుంది. ఆ కరెంట్ 1 మెగాఓమ్ గుండా పారితే 1000 నానోవోల్టులు అవుతుంది. రెసిస్టర్ ఇచ్చే 129 దాని ముందు ఏమూలకూ రాదు. 1 కిలోఓమ్ మూలానికి అవి గొప్పవి, 1 మెగాఓమ్‌కు పనికిరావు. ఇక్కడ జెఫెట్ ఎంపిక సరైనదే.

అంబత్తూరు_కంపనం

1.31కి కారణం వేడి కావచ్చు. యాంప్లిఫైయర్ డబ్బాలో ఉష్ణోగ్రత పెరిగితే థర్మల్ నాయిస్ పెరుగుతుంది కదా. మా చెన్నైలో మధ్యాహ్నం పూట అన్ని కొలతలూ పెరిగినట్టే అనిపిస్తాయి.

మైలాపూరు_మాస్టారు

సూత్రంలో ఉన్నది సెల్సియస్ కాదు, కెల్విన్. బెంగళూరు 25 డిగ్రీలు 298 కెల్విన్, మన చెన్నై 35 డిగ్రీలు 308. పైగా వర్గమూలం కింద ఉంది కాబట్టి తేడా 1.7 శాతమే. మీకు మధ్యాహ్నం కొలతలు పెరుగుతున్నాయంటే ఆ వేళ షెడ్డులో ఏ యంత్రాలు నడుస్తున్నాయో చూడండి. వేడి వల్ల ఏడు శాతం రావాలంటే రెసిస్టర్ 70 డిగ్రీలు దాటాలి.

పై_బై_టూ

రెసిస్టర్ రకం మీద కూడా అనుమానపడాలి. థిక్ ఫిల్మ్ చిప్ రెసిస్టర్లలో నాయిస్ మెటల్ ఫిల్మ్ కంటే చాలా ఎక్కువని నా సొంత అనుభవంలో చూశాను. ఒక బ్రిడ్జ్ యాంప్లిఫైయర్‌లో థిక్ ఫిల్మ్ తీసి మెటల్ ఫిల్మ్ పెట్టగానే తక్కువ పౌనఃపున్యాల నాయిస్ సగానికి పడిపోయింది.

మైలాపూరు_మాస్టారు

మీ బ్రిడ్జ్‌లో రెసిస్టర్ల మీద డీసీ వోల్టేజ్ ఎంత ఉండేది?

పై_బై_టూ

5 వోల్టులు.

మైలాపూరు_మాస్టారు

అదీ సంగతి. కరెంట్ పారుతున్నప్పుడు థిక్ ఫిల్మ్‌లో పౌనఃపున్యం తగ్గేకొద్దీ పెరిగే అదనపు నాయిస్ పుడుతుంది. అది పదార్థాన్ని బట్టి, తయారీని బట్టి మారుతుంది. మీరు చూసింది దాన్నే, మీ అనుభవం నిజమే. థర్మల్ నాయిస్ వేరు. 1928లో బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ రకరకాల వాహకాలతో, ద్రావణాలతో సహా, కొలిచి చూపింది ఇదే: నిరోధం, ఉష్ణోగ్రత ఒకటే అయితే పదార్థం ఏదైనా నాయిస్ ఒకటే. అదే ఏడాది నైక్విస్ట్ దానికి సిద్ధాంతం ఇచ్చారు. పీణ్య గారి రెసిస్టర్ మీద డీసీ లేదు. ఆప్యాంప్ బయాస్ కరెంట్ కొద్ది పికోఆంపియర్లే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఆ మాటకొస్తే, ఈ పదార్థ నిరపేక్షత వల్లనే గాజు నాళికలోని ఉప్పు నీటికి బదులు మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ పెట్టి పరీక్షించడం చెల్లుతుంది.

వైట్‌ఫీల్డ్_వాణి

1.31 విషయంలో నాకు రెండు అనుమానాలున్నాయి. మొదటిది, కెపాసిటెన్స్ మీరనుకున్న 12 కాకుండా 8 అయి ఉండవచ్చు. అప్పుడు లెక్కే 1.32 అవుతుంది. రెండవది, కేబుల్ తీసేటప్పుడు లోహపు డబ్బా కూడా పోయింది కాబట్టి రెసిస్టర్ ఇప్పుడు గదిలోని 50 హెర్ట్జ్‌ను పట్టుకుంటూ ఉండవచ్చు. ఒక్క కొలతతో ఈ రెండింటినీ వేరు చేయలేం.

వేరు చేసే మార్గం ఒకటుంది. రెసిస్టర్‌కు సమాంతరంగా విలువ ఖచ్చితంగా తెలిసిన 100 పికోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి. అప్పుడు మొత్తం కెపాసిటెన్స్ 108 అయినా 112 అయినా లెక్క పెద్దగా మారదు, 0.58 నుంచి 0.59 మిల్లీవోల్టుల దగ్గరే ఉంటుంది. కానీ 50 హెర్ట్జ్ మీద ఆ కెపాసిటర్ ప్రభావం దాదాపు శూన్యం, ఎందుకంటే పోల్ 1.4 కిలోహెర్ట్జ్ పైన ఉంది. కాబట్టి తేడా అంతా 50 హెర్ట్జ్ వల్లే అయితే అది తగ్గకుండా నిలిచి, కొలత 0.75 దాకా వస్తుంది. తేడా కెపాసిటెన్స్ అంచనాలోనిదే అయితే 0.59 కన్నా పెరగదు.

పీణ్య_బెంచి

ఎస్‌పీ రోడ్డుకు వెళ్లి ఒక శాతం ఖచ్చితత్వం ఉన్న ఎన్‌పీఓ సిరామిక్ 100 పికోఫారడ్లు తెచ్చి పెట్టాను. కొలత 0.64 వచ్చింది. అటూ కాదు, ఇటూ కాదు.

వైట్‌ఫీల్డ్_వాణి

రెండూ కొంత కొంత ఉన్నాయన్నమాట. 0.64 వర్గం నుంచి 0.585 వర్గం తీసివేస్తే మిగిలేది సుమారు 0.26 మిల్లీవోల్టులు. అది బయటి నుంచి వచ్చినది అనుకుందాం. దాన్ని 1.31 నుంచి కూడా వర్గాల్లో తీసివేస్తే 1.28 మిగులుతుంది. ఆ 1.28కి సరిపడే కెపాసిటెన్స్ 9 నుంచి 10 పికోఫారడ్ల మధ్య ఉంటుంది. రెండు కొలతలూ ఒకే కథ చెబుతున్నాయి.

రిచీ_వీధి

రెండు తెలియనివాటికి రెండు కొలతలు ఉన్నప్పుడు ఏదో ఒక జవాబు ఎలాగూ కుదురుతుంది. ఆ 0.26 నిజంగా 50 హెర్ట్జేనని దీనితో రుజువు కాలేదు. మూడవ కొలత కావాలి.

వైట్‌ఫీల్డ్_వాణి

అభ్యంతరం సబబైనదే. స్కోప్‌లో ఎఫ్‌ఎఫ్‌టీ తెరిచి 50, 150 హెర్ట్జ్ దగ్గర గీతలు నిలబడ్డాయో లేదో చూడాలి. థర్మల్ నాయిస్‌లో అలాంటి గీతలు ఉండవు. లేదా మొత్తాన్ని ఒక రేకు డబ్బాలో పెట్టి, డబ్బాను సర్క్యూట్ గ్రౌండ్‌కు కలిపి మళ్లీ కొలవాలి.

అంబత్తూరు_కంపనం

మొదట ప్రశ్నను తప్పుగా అర్థం చేసుకున్నాను, కానీ ఈ చర్చ వల్ల నా సొంత సర్క్యూట్ మీద అనుమానం మొదలైంది. మాది పైజో కంపన సెన్సర్. సెన్సర్, కేబుల్ కలిపి 1 నానోఫారడ్. ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంది. మాకు కావలసింది 100 హెర్ట్జ్ నుంచి 10 కిలోహెర్ట్జ్ వరకు, ఆ కోత సాఫ్ట్‌వేర్‌లో గట్టిగానే చేస్తాం. నాయిస్ తగ్గాలని దీన్ని 100 కిలోఓమ్‌లకు మార్చుదామనుకుంటున్నాను. సరైనదేనా?

మైలాపూరు_మాస్టారు

సరిగ్గా దానికి వ్యతిరేకంగా చేయాలి. పీణ్య గారి 1 మెగాఓమ్ సంకేతం వచ్చే దారిలో ఉంది, మీ 1 మెగాఓమ్ సంకేతానికి సమాంతరంగా ఉంది. మీ సంకేతం కెపాసిటర్‌లో పుడుతోంది. విద్యార్థికి నేను చెప్పిన రెండో వాక్యం ఇప్పుడు పనికొస్తుంది: మొత్తం నాయిస్‌ను C నిర్ణయిస్తుంది, అది ఎక్కడ పరచుకోవాలో R నిర్ణయిస్తుంది.

మీ 1 నానోఫారడ్ మీద మొత్తం ఎప్పుడూ 2.03 మైక్రోవోల్టులే. 1 మెగాఓమ్‌తో పోల్ 159 హెర్ట్జ్ దగ్గర ఉంది కాబట్టి అందులో చాలా భాగం, 1.62 మైక్రోవోల్టులు, మీ పౌనఃపున్య పట్టీలోనే పడుతోంది. 100 మెగాఓమ్‌లు పెడితే పోల్ 1.6 హెర్ట్జ్‌కు దిగుతుంది. నాయిస్ అంతా మీకు అక్కర్లేని కింది పౌనఃపున్యాల్లో కుప్పపడుతుంది, 100 హెర్ట్జ్ పైన 0.20 మైక్రోవోల్టులే మిగులుతాయి. 100 కిలోఓమ్‌లు పెడితే పోల్ 1.6 కిలోహెర్ట్జ్‌కు ఎక్కుతుంది. దాని కింద సంకేతమే పోతుంది.

గిండీ_విద్యార్థి

అంటే విలువ పెద్దదైన రెసిస్టర్ తక్కువ నాయిస్ ఇస్తుందా? మాకు తరగతిలో దీనికి వ్యతిరేకంగా చెప్పినట్టు గుర్తు.

మైలాపూరు_మాస్టారు

రెసిస్టర్‌ను కరెంట్ నాయిస్ మూలంగా గీసుకో. ఆ కరెంట్ sqrt(4kT/R), R పెరిగితే తగ్గుతుంది. పోల్ పైన ఆ కరెంట్ కెపాసిటర్‌లోనే పారుతుంది కాబట్టి వోల్టేజ్ కూడా తగ్గుతుంది. తరగతిలో చెప్పింది కెపాసిటర్ లేని సర్క్యూట్ గురించి అయి ఉంటుంది.

వైట్‌ఫీల్డ్_వాణి

అంబత్తూరు గారు ఎనిమిది రెట్ల మెరుగుదల ఆశించి నిరాశ పడకూడదని ఇది చెబుతున్నాను. మీ ఆప్యాంప్ నాయిస్ కూడా 8 నానోవోల్టులైతే మీ పట్టీలో అది ఒక్కటే 0.80 మైక్రోవోల్టులు. మునుపు మొత్తం 1.81, మార్చాక 0.82. సగానికి కొంచెం తక్కువగా వస్తుంది. ఆ తర్వాత రెసిస్టర్‌ను ఇంకా పెంచినా ప్రయోజనం ఉండదు, ఇక ఆప్యాంప్‌నే మార్చాలి. పైగా 100 మెగాఓమ్‌ల దగ్గర చెన్నై తేమలో బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ కూడా ఒక రెసిస్టరే. సోల్డర్ చేశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి.

అంబత్తూరు_కంపనం

రిచీ స్ట్రీట్‌లో రెండు 47 మెగాఓమ్‌లు దొరికాయి, వాటిని వరుసగా పెట్టాను. ఇన్‌పుట్‌కు తెచ్చి చూస్తే 1.9 నుంచి 0.9 మైక్రోవోల్టులకు దిగింది. వాణి గారి అంకెకు దగ్గరే. స్విచ్ వేశాక డీసీ నిలకడకు రావడానికి మాత్రం మునుపటి కంటే ఎక్కువ సమయం పడుతోంది.

పీణ్య_బెంచి

రిచీ వీధి గారు అడిగిన మూడవ కొలత చేశాను. బిస్కెట్ రేకు డబ్బాలో పెట్టి గ్రౌండ్ చేస్తే, 100 పికోఫారడ్లతో 0.64 ఉన్నది 0.59కి వచ్చింది. కెపాసిటర్ తీసేస్తే 1.28. ఎఫ్‌ఎఫ్‌టీలో 50 హెర్ట్జ్ గీత పడిపోయింది, 150 దగ్గర చిన్నది ఇంకా ఉంది. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు.

ఇప్పుడు అసలు ఇబ్బంది మిగిలింది. కేబుల్ లేకుండా 1.28ని 6.6తో హెచ్చిస్తే 8.4 మిల్లీవోల్టులు. నిజాయితీగా కొలిస్తే పరికరం 5 మిల్లీవోల్టుల షరతు దాటుతోంది.

మైలాపూరు_మాస్టారు

ఆ షరతు 1 మెగాఓమ్ మూలానికి, 10 కిలోహెర్ట్జ్‌కు, లాభం 100కు రాసినదైతే దాన్ని ఏ యాంప్లిఫైయర్ కూడా నెరవేర్చలేదు. నాయిస్ లేని ఆప్యాంప్ పెట్టినా రెసిస్టర్ ఒక్కటే, ఇన్‌పుట్ కెపాసిటెన్స్ ఏమీ లేకపోతే, 10.6 మిల్లీవోల్టులు ఇస్తుంది. షరతు రాసినవారు ఇన్‌పుట్ షార్ట్ చేసి కొలవాలని అనుకున్నారేమో అడగండి. అలా అయితే మీ 0.13 మిల్లీవోల్టులు ఒక మిల్లీవోల్ట్ లోపే ఉంటాయి.

పై_బై_టూ

కేబుల్ తప్పనిసరి అయితే దాని షీల్డ్‌ను గ్రౌండ్‌కు కాకుండా ఫాలోయర్ అవుట్‌పుట్‌తో నడపవచ్చు. రెండు వైపులా ఒకే వోల్టేజ్ ఉంటే కేబుల్ కెపాసిటెన్స్ ప్రభావం దాదాపు పోతుంది.

వైట్‌ఫీల్డ్_వాణి

సంకేతం తిరిగి వస్తుంది, నిజమే. కానీ ఆప్యాంప్ నాయిస్ కూడా షీల్డ్ మీదుగా తిరిగి ఇన్‌పుట్‌కు చేరుతుంది. ఆ 120 పికోఫారడ్లతో 10 కిలోహెర్ట్జ్ దగ్గర 8 నానోవోల్టులు 60 దాకా పెరుగుతాయి. 129 పక్కన అది భరించదగినదే. ఫాలోయర్ డోలనంలోకి వెళ్లకుండా చూడటం కష్టం. నేనైతే ఆప్యాంప్‌నే ఎలక్ట్రోడ్ హోల్డర్ దగ్గర పెట్టి, కేబుల్‌ను దాని వెనుక ఉంచుతాను.

పై_బై_టూ

షీల్డ్‌కు వరుసగా చిన్న రెసిస్టర్ పెడితే డోలనం ఆగుతుంది. మూడు పరికరాల్లో చేశాను.

వైట్‌ఫీల్డ్_వాణి

నేను చేసిన రెండింటిలో ఒకటి ఆగలేదు. ఎలక్ట్రోడ్ మార్చినప్పుడల్లా మళ్లీ మొదలయ్యేది.

పీణ్య_బెంచి

తనిఖీ చేసినాయనతో మాట్లాడాను. షరతు రాసినప్పుడు ఇన్‌పుట్ దగ్గర ఏముండాలో ఎవరూ రాయలేదట. ఇప్పుడు నివేదికలో మూడు వరుసలు పెట్టాను: షార్ట్ చేసినప్పుడు 0.13, కేబుల్ లేకుండా 1 మెగాఓమ్‌తో 1.28, కేబుల్‌తో 0.57. మూడవ వరుస పక్కన 3 కిలోహెర్ట్జ్ సంకేతంలో 40 శాతమే చేరుతుందని కూడా రాశాను. ఆయన మొదటి రెండు వరుసలకు సంతకం చేశారు. మూడవదాన్ని ప్రయోగశాలకు పంపారు. షీల్డ్‌ను నడపాలా, ఆప్యాంప్‌ను ముందుకు జరపాలా అన్నది వారి జవాబు వచ్చాక తేలుతుంది. ఈలోగా రెండు బోర్డులూ చేసి పెడుతున్నాను.